వడ్డీ పెరిగింది, సరుకు తరిగింది

2024 ఏప్రిల్ నెలాఖరు. మిర్చి కోతలు దాదాపు అయిపోయి కూలీలకు కాస్త ఊపిరి దొరికిన రోజులు. గుంటూరు జిల్లాలో ఒక ఊళ్ళో రావిచెట్టు కింద కూర్చుని మాట్లాడుకుంటుండగా, నడివయసు కూలీ తల్లి ఒకామె ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచిన పాసుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇందులో ఏం రాశారో చూడన్నా. పోయినేడు పడ్డను అమ్మి ఇరవై వేలు వేశా. ఏడాది పొడుగునా ఒక్క రూపాయి తియ్యలా. ఇప్పుడు ఎంతుంది?”

చూశాను. 20,545 ఉంది. మూడు నెలలకోసారి చొప్పున నాలుగు దఫాలు వడ్డీ పడింది. ఆ ఏడాది స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా మీద ఇస్తూ వచ్చిన వడ్డీ 2.70 శాతం. లెక్క తప్పేమీ లేదు. ఆ మాటే చెప్పాను.

“అయితే పెరిగినట్టా, తరిగినట్టా?”

పక్కనున్నామె నవ్వింది. “పెరిగిందనే గదే రాసుంది!”

“రాసింది సరే. పడ్డను అమ్మిన రోజున కందిపప్పు కిలో నూట పదిహేను. ఇప్పుడు నూటయాభై. అప్పుడు ఆ డబ్బుకొచ్చే పప్పు ఇప్పుడెందుకు రావట్లా?”

ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్ళు ఒక అధ్యాయం పొడుగునా చెప్పే విషయాన్ని ఆమె ఒక్క ప్రశ్నలో పెట్టింది. బ్యాంకు పుస్తకంలో రాసే వడ్డీ ఒకటి, మన చేతికి దక్కే వడ్డీ మరొకటి. మొదటిదాన్ని నామమాత్రపు వడ్డీ అంటారు. పేరుకు ఉన్న వడ్డీ అన్నమాట. రెండోదాన్ని నిజ వడ్డీ అంటారు. ధరలు పెరిగినంత మేర తీసివేయగా మిగిలేది అది. మిగలకపోవచ్చు కూడా. మిగలకపోగా అసలులోంచే కొంత పోవచ్చు. ఆమెకు జరిగింది అదే. ఎంత పోయిందో ఆ చెట్టు కింద కూర్చుని కట్టిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆమె చెప్పిన పప్పు లెక్కే చూద్దాం. దేశం మొత్తం మీద సగటు తీసినా ఆ ఏడాది కందిపప్పు ధర కిలో 115 రూపాయల ప్రాంతం నుంచి 150 దగ్గరికి ఎక్కింది. 2023 మార్చిలో 20,000 రూపాయలకు 174 కిలోల పప్పు వచ్చేది. ఏడాది తర్వాత వడ్డీతో కలిపి 20,545 రూపాయలు తీసుకెళ్తే 137 కిలోలే వస్తుంది. రూపాయలు 545 పెరిగాయి, పప్పు 37 కిలోలు తగ్గింది. పాసుబుక్కులో మొదటిది రాస్తారు. రెండోది ఎవరూ రాయరు.

అయితే ఎవరూ పప్పు ఒక్కటే తిని బతకరు. ఆ ఏడాదే వంటనూనె ధర అంతకుముందటి కన్నా తగ్గింది. ఒక్క సరుకును పట్టుకుని లెక్క తేలిస్తే అది నిలవదు. పప్పును చూస్తే మునిగినట్టు, నూనెను చూస్తే గట్టెక్కినట్టు ఉంటుంది. కాబట్టి ఇంట్లోకి వచ్చే సరుకులన్నిటినీ, ఏది ఎంత వాడతామో ఆ పాళ్ళలో కలిపి చూడాలి. కుటుంబం మొత్తం ఖర్చు నిరుడు నూరు రూపాయలయితే అదే సరుకు, అంతే పరిమాణంలో, ఈ ఏడు ఎంతకు వస్తుందన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు చెప్పేదే ధరల సూచీ.

ఎవరి బుట్టకు ఎవరి ధర?

మన దేశంలో ధరల సూచీ ఒక్కటి కాదు. టీవీలోనూ పత్రికల మొదటి పేజీలోనూ ‘ద్రవ్యోల్బణం ఇంత’ అని చెప్పేది పట్టణాలనూ పల్లెలనూ, ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కలిపి తీసిన రిటైల్ ధరల సూచీ. వ్యవసాయ కూలీలకు వేరే సూచీ ఉంది. కేంద్ర కార్మికశాఖ కింద పనిచేసే లేబర్ బ్యూరో దాన్ని నెలనెలా ప్రకటిస్తుంది. నేను చెబుతున్న రోజుల్లో 20 రాష్ట్రాల్లోని 600 గ్రామాల్లో ధరలు సేకరించి ఈ లెక్క వేసేవారు. కరువుపని కూలి రేటును ఏటా సవరించడానికి ఆధారంగా తీసుకున్నదీ ఈ సూచీనే. అంత పని చేసే అంకె గురించి కూలీల ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడుకోరు. మన కార్యకర్తల్లో కూడా చాలామందికి ఇది కూలి రేటు దగ్గర గుర్తొస్తుంది గాని పాసుబుక్కు దగ్గర గుర్తురాదు.

2024 మార్చి నెలకు రెండు సూచీలూ ఏం చెప్పాయో చూడండి. అందరినీ కలిపి తీసిన సూచీ ప్రకారం ఏడాదిలో ధరలు 4.85 శాతం పెరిగాయి. వ్యవసాయ కూలీల సూచీ ప్రకారం 7.15 శాతం పెరిగాయి. దేశం అదే, నెల అదే, అంగళ్ళు కూడా చాలావరకు అవే. మరి ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చింది?

బుట్ట నుంచి వచ్చింది. అప్పటి ఉమ్మడి సూచీలో నూరు రూపాయల ఖర్చులో తిండికి వేసిన వంతు 46 రూపాయలు. కూలీల సూచీలో తిండి వంతు 69 రూపాయలు. లేనివాడి ఖర్చంతా పొట్టకే పోతుంది గదా. ఆ ఏడాది పెరిగింది ముఖ్యంగా తిండి సరుకుల ధరలు. ఆ నెలలో ఆహార పదార్థాల ధరలు ఎనిమిదిన్నర శాతం మీద పెరిగాయి. బట్టలు, ఫోన్లు, ప్రయాణాలు, ఇంటి సామాను లాంటి వాటి ధరలు అంతగా పెరగలేదు. వాటిమీద ఎక్కువ ఖర్చు పెట్టగలవాడికి ద్రవ్యోల్బణం తక్కువగా కనిపించింది. తిండికే ఖర్చంతా పెట్టేవాడికి ఎక్కువగా తగిలింది.

ఇప్పుడు ఆ తల్లి లెక్కకొద్దాం. 2023 మార్చిలో 20,000 రూపాయలకు వచ్చిన కూలీ ఇంటి సరుకు, 7.15 శాతం పెరిగితే 2024 మార్చిలో 21,430 రూపాయలవుతుంది. ఆమె దగ్గర ఉన్నది 20,545. అంటే 885 రూపాయల సరుకు తక్కువ పడుతుంది. ఇదే సంగతిని ఇంకో రకంగా చెప్పవచ్చు. ఆమె చేతిలోని 20,545 రూపాయలను పాత ధరల్లోకి మారిస్తే ఎంతవుతుంది? 1.0715తో భాగిస్తే 19,174 వస్తుంది. ఇరవై వేలు దాచుకున్న మనిషి చేతిలో, ఆమె దాచిన నాటి రూపాయల్లో చూస్తే, మిగిలింది పంతొమ్మిది వేల నూటడెబ్బై నాలుగు. 826 రూపాయలు పోయాయి. నూటికి నాలుగు రూపాయల పైచిలుకు. ఆమె వడ్డీ 2.70 శాతం కాదు. సున్నాకు దిగువన 4.13 శాతం.

ఇక్కడ ఒక చిన్న సంగతి. చాలామంది వడ్డీ శాతంలోంచి ధరల శాతాన్ని తీసివేసి సరిపెడతారు. చేతి లెక్కకు అది చాలు. కాని సరైన పద్ధతి తీసివేత కాదు, భాగహారం. ఎందుకంటే పెరిగిన ధర మనం వేసిన అసలునే కాదు, వచ్చిన వడ్డీ రూపాయిని కూడా కొరుకుతుంది. ఆ 545 రూపాయలనూ కొత్త ధరల దుకాణంలోనే ఖర్చు పెట్టాలి గదా. ధరలు ఏడెనిమిది శాతం పెరిగేటప్పుడు రెండు పద్ధతులకూ తేడా కొద్దిగానే ఉంటుంది. పాతిక, ముప్ఫై శాతం పెరిగేటప్పుడు తీసివేత మనల్ని బాగా తప్పుదారి పట్టిస్తుంది. అలాంటి రోజులు ఈ దేశం చూడకపోలేదు. 1974లో వినియోగదారుల ధరలు ఒక్క ఏడాదిలో 28 శాతం పైగా పెరిగాయి. అప్పుడు పొదుపు ఖాతా వడ్డీ ఒంటి అంకె దాటలేదు. ఆ ఏడాది బ్యాంకులో దాచుకున్నవాడి సొమ్ములో దాదాపు అయిదో వంతు, ఎవరూ తలుపు పగలగొట్టకుండానే వెళ్ళిపోయింది.

“మరి డిపాజిట్టు చేసుంటే?”

ఈ ప్రశ్న వేసింది ఆమె కొడుకు. పదో తరగతి దాకా చదివి ఆటో నడుపుతున్నాడు. “పొదుపు ఖాతాలో ఎందుకు ఉంచావమ్మా, ఏడాదికి ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేస్తే ఎక్కువొచ్చేది గదా” అన్నాడు. నిజమే. 2023 ఫిబ్రవరి నుంచి స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్ల మీద 6.80 శాతం ఇచ్చింది. మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతారు గనుక ఏడాది చివరకు 20,000 రూపాయలు 21,395 అవుతాయి. పొదుపు ఖాతా కంటే 850 రూపాయలు ఎక్కువ. ఆ తేడా చిన్నదేమీ కాదు, మూడు నాలుగు రోజుల కూలి. పిల్లవాడు చెప్పిన దాంట్లో సందేహం లేదు.

కాని చూడండి. కూలీ ఇంటి సరుకు ఖరీదు 21,430. డిపాజిట్టు ఇచ్చింది 21,395. ఇంకా 35 రూపాయలు తక్కువే. ఏడాది పాటు డబ్బును కట్టిపడేసి, మధ్యలో జ్వరమొచ్చినా తియ్యకుండా ఓర్చుకుంటే, మొదట ఉన్నచోటికే, ఇంకా చెప్పాలంటే దానికి అంగుళం వెనక్కు చేరింది.

అదే డిపాజిట్టును ఉమ్మడి సూచీతో కొలిస్తే లెక్క మారిపోతుంది. ధరలు 4.85 శాతమే పెరిగాయంటే ఆ డిపాజిట్టు మీద రెండు శాతం నిజ వడ్డీ వచ్చినట్టు. ‘డిపాజిట్టుదారులకు నిజ వడ్డీ దక్కుతోంది’ అని ఆ రోజుల్లో బ్యాంకుల తరఫున ఎవరైనా చెప్పి ఉంటే అది అబద్ధం కాదు. వాళ్ళ బుట్టకు అది నిజమే. ఒకే బ్యాంకులో ఒకే రోజు ఒకే రేటుకు వేసిన రెండు డిపాజిట్లలో పట్నం ఉద్యోగిది లాభం, పల్లె కూలీది నష్టం. బ్యాంకు ఎవరికీ తక్కువివ్వలేదు. ఖర్చులో తిండికి పోయే వంతులోనే తేడా ఉంది.

సూచీకీ హద్దులున్నాయి. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న కూలీల సూచీకి మూల సంవత్సరం 1986-87. ఎప్పుడో 1983లో జరిగిన సర్వేలో కూలీలు ఏం కొన్నారో చూసి ఆ బుట్టను కట్టారు. నలభై ఏళ్ళలో కూలీ ఇంటి ఖర్చు మారిపోయింది. సెల్‌ఫోన్ రీఛార్జీ వచ్చింది, ప్రైవేటు ఆసుపత్రి వచ్చింది, ఇంగ్లీషు బడి ఫీజు వచ్చింది. మరోపక్క రేషన్ బియ్యం 2023 జనవరి నుంచి ఉచితమయ్యాయి. బియ్యమంతా రేషన్ దుకాణం నుంచే తెచ్చుకునే ఇంటికి బజారులో బియ్యం ధర పెరిగినా అంతగా తగలదు. బజారు బియ్యం కొనే ఇంటికి తగులుతుంది. ఎట్టకేలకు 2025 జూన్ నెల నుంచి 2019ని మూల సంవత్సరంగా పెట్టుకుని కొత్త సూచీ తెచ్చారు. కాబట్టి 7.15 అన్నది ప్రతి కూలీ ఇంటికీ అచ్చుగుద్దినట్టు సరిపోయే అంకె అని నేననను. టీవీలో చెప్పే అంకెకన్నా మనకు దగ్గరి అంకె అని మాత్రం అంటాను.

నష్టాన్ని ముందే లెక్కలో వేసుకున్నారు

ఒక్క ఏడాది సంగతి ఇలా ఉంటే, నాలుగైదేళ్ళు ఖాతాలో పడి ఉన్న సొమ్ము సంగతేమిటి? దీనికి ఉమ్మడి సూచీనే తీసుకుందాం. కూలీల పక్షాన లెక్కను పెంచి చెప్పామన్న మాట రాకుండా ఉంటుంది. 2020-21లో ధరలు 6.2 శాతం పెరిగాయి. ఆ తర్వాతి ఏళ్ళలో వరసగా 5.5, 6.7, 5.4, 4.6. వీటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే అయిదేళ్ళలో దాదాపు 32 శాతం పెరుగుదల. 10,000 రూపాయల సరుకు 13,200 అయింది. ఆ కాలమంతా పొదుపు ఖాతాలో ఉన్న 10,000 పెరిగి 11,500 అయింది, అదీ ఎక్కువలో ఎక్కువ లెక్క. పాత ధరల్లో చూస్తే అది 8,700 కిందే లెక్క. పదివేలకు పదమూడు వందలు అరిగిపోయాయి. ఒక్కసారిగా పోతే గగ్గోలు పెట్టేవాళ్ళం. నెలకు ఇరవై రూపాయల చొప్పున పోయింది గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఇదంతా అనుకోకుండా జరిగిందా? 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి ధరల పెరుగుదలకు ఒక లక్ష్యం పెట్టారు. ఏడాదికి 4 శాతం, అటూ ఇటూ 2 శాతం. అంటే ధరలు ఏడాదికి నాలుగు శాతం పెరిగితే అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క. ఇప్పుడు పొదుపు ఖాతా వడ్డీ కథ చూడండి. ఒకప్పుడు ఈ వడ్డీని రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. 2011 మేలో దాన్ని 4 శాతం చేసి, అదే ఏడాది అక్టోబరులో ఎవరి రేటు వాళ్ళు పెట్టుకోండని బ్యాంకులకు వదిలేసింది. 2017లో స్టేట్ బ్యాంకు దాన్ని మూడున్నరకు దించింది. 2020 మే ఆఖరుకు అది 2.70 అయింది. 2025 జూన్‌లో 2.50కి దిగింది. ధరలు సరిగ్గా లక్ష్యం ప్రకారం నాలుగు శాతమే పెరిగిన ఏడాదిలో కూడా, రెండున్నర శాతం వడ్డీకి డబ్బు ఉంచినవాడికి నూటికి రూపాయిన్నర పోవాల్సిందే. ఏదో పొరపాటు జరిగితే వచ్చే నష్టం కాదిది. అంతా అనుకున్నట్టు నడిచినప్పుడు వచ్చే నష్టం.

పోయింది ఎక్కడికి పోయింది? గాలిలో కలవలేదు. పొదుపు ఖాతాల సొమ్ము బ్యాంకులకు అన్నిటికన్నా చవకగా దొరికే పెట్టుబడి. 2.70కి తీసుకున్న దాన్ని తొమ్మిది, పది శాతానికి అప్పుగా ఇస్తారు. ఆ అప్పు తీసుకున్న పెద్ద వ్యాపారి పెరిగిన ధరకు సరుకు అమ్మి, విలువ తగ్గిన రూపాయల్లో అప్పు తీరుస్తాడు. ధరలు పెరిగే కాలంలో అప్పిచ్చినవాడు నష్టపోతాడు, అప్పు తీసుకున్నవాడు లాభపడతాడన్నది పాత సూత్రం. బ్యాంకులో డబ్బు వేసిన కూలీ ఆ లెక్కలో అప్పిచ్చినవాడే. తాను ఎవరికో అప్పిచ్చానని ఆమెకు తెలియదు, అంతే తేడా.

“అయితే అప్పులున్న మాకు లాభమేగా?” అన్నాడు ఒక పెద్దాయన. మంచి ప్రశ్న. ఆ సూత్రం అప్పు మీద వడ్డీ తక్కువగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. సకాలంలో తీర్చిన పంటరుణానికి రాయితీ పోను నాలుగు శాతం పడుతుంది. ధరలు ఏడు శాతం పెరిగితే అది తీసుకున్నవాడికి నిజంగా లాభమే. కాని ఆ అప్పు ఎవరికి దొరుకుతుంది? పట్టా ఉన్నవాడికి. కూలీకీ, చాలామంది కౌలుదారులకూ దొరికేది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి 24 శాతం. ధరల పెరుగుదల 7.15 పోయినా నిజ వడ్డీ ఇంకా పదిహేనున్నర శాతం పైనే ఉంటుంది. ధరలు అప్పును కరిగించే లోపలే వడ్డీ దాన్ని పెంచేస్తుంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆమెకు దుకాణం దగ్గర 10,000 అప్పుంది. రెండు రూపాయల వడ్డీ. నెలకు 200 చొప్పున ఏడాదిలో 2,400 కట్టింది. ఒకపక్క ఇరవై వేలు బ్యాంకులో పెట్టి 545 తెచ్చుకుంది. అందులో పదివేలు తీసి బాకీ తీర్చేస్తే బ్యాంకు వడ్డీ 270 పోయేది, దుకాణం వడ్డీ 2,400 మిగిలేది. ఏ బ్యాంకూ, ఏ పోస్టాఫీసూ ఆమెకు ఇవ్వలేనంత నిజ వడ్డీ ఆ పాత బాకీ తీర్చడంలోనే ఉంది.

“ఎందుకు తీర్చలేదమ్మా?” అని అడిగాను.

“తీరిస్తే మళ్ళీ అవసరమొచ్చినప్పుడు ఇస్తాడో ఇవ్వడో. చేతిలో ఉంటే ధైర్యం గదన్నా.”

ఈ మాటకు నా దగ్గర లెక్క లేదు. చేతికి అందేలా ఉన్న డబ్బుకు దాని విలువ దానికుంది. ఆసుపత్రికి పరుగెత్తే రాత్రి నిజ వడ్డీ ఎవరికి గుర్తుంటుంది? రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఖాతాలో ఉంచుకోవడం తప్పు కాదు. ఆ ధైర్యానికి మనం కట్టే ధర ఎంతో తెలిసి కట్టాలి. ఇరవై వేలకూ కట్టనక్కర్లేదు.

ఎక్కువ వడ్డీ ఆశ చూపినవాళ్ళు

బ్యాంకు వడ్డీ సరుకుకు చాలడం లేదని పల్లె జనానికి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. అందుకే ఎక్కువిస్తామన్నవాడు వస్తే వింటారు. అగ్రిగోల్డు కథ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు. లక్షలాది మంది చిన్నచిన్న మొత్తాలు కట్టారు. 2014-15 నాటికి చెల్లింపులు నిలిచిపోయాయి. ఆందోళనల మీద ఆందోళనలు చేశాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదివేల లోపు కట్టినవాళ్ళకు 2019లో, ఇరవై వేల లోపు వాళ్ళకు 2021 ఆగస్టులో డబ్బు చెల్లించింది. పోరాడి తెచ్చుకున్న సొమ్ము అది, దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని లెక్క చూడాలి. 2014-15 నుంచి 2021-22 దాకా ధరలు 38 శాతం దాకా పెరిగాయి. అప్పుడు ఇరవై వేలు కట్టినవాడికి ఇప్పుడు ఇరవై వేలు ఇస్తే, కట్టిన నాటి రూపాయల్లో అది 14,500. అసలు మొత్తం తిరిగొచ్చిందని కాగితం మీద రాసుకుంటారు. నాలుగో వంతుకు పైగా తిరిగి రానేలేదు. బకాయి కూలి, పరిహారం, భూసేకరణ సొమ్ము ఏదైనా సరే, ఏళ్ళ తరబడి నాన్చి పాత అంకెకే చెల్లించే చోటల్లా ఈ కోత ఉంటుంది. బాధితుల తరఫున అర్జీ రాసేటప్పుడు అసలుతో పాటు ‘చెల్లించే నాటి ధరల సూచీ ప్రకారం’ అన్న ముక్క చేర్చమని మన కార్యకర్తలకు నా సలహా.

ధరలు పడిన ఏడాది సంగతి కూడా చెప్పకపోతే లెక్క ఒంటి కాలి మీద నడిచినట్టు ఉంటుంది. 2025 అక్టోబరులో ఉమ్మడి సూచీ ప్రకారం ధరల పెరుగుదల 0.25 శాతానికి దిగింది. ఆహార పదార్థాల ధరలు ఏడాది క్రితం కన్నా 5 శాతం తగ్గాయి. 2024 అక్టోబరులో అదే 6.80 శాతానికి డిపాజిట్టు వేసినవాడికి దాదాపు మొత్తం వడ్డీ నిజ వడ్డీగానే మిగిలింది. కాగితం మీద రేటు మారలేదు, నిజ వడ్డీ సున్నా నుంచి ఆరున్నర పైకి ఎక్కింది. బాగానే ఉంది. మరి తగ్గింది ఎవరి ధర? పండించినవాడి ధర. అదే ఏడాది మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర కుప్పకూలితే క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి కేంద్రం మార్కెట్ జోక్యం కింద దిగవలసి వచ్చింది. ధర పడితే రైతు ముందు చెయ్యి బిగించేది కోతకూలి దగ్గరే. డిపాజిట్టు ఉన్న కూలీకి ఆ ఏడు వడ్డీ నిలిచింది, పని నిలవలేదు. ఎంతమంది కూలీలకు డిపాజిట్లున్నాయో పాఠకులకే తెలుసు.

తిరిగి ఆ చెట్టు కిందికి వస్తాను. బయల్దేరబోతుంటే ఆ తల్లి అడిగింది. “ప్రతిసారీ నువ్వొచ్చి లెక్క చెప్పవు గదా. నాకు నేను చూసుకునేదెట్టా?”

ఒక పద్ధతి చెప్పాను. డబ్బు వేసిన రోజునే ఇంట్లోకి నెలకు వచ్చే సరుకు ఒక కాగితం మీద రాసుకోవాలి. ధరతో పాటు ఎంత వాడతామో కూడా రాయాలి. పప్పు రెండు కిలోలు, నూనె మూడు పాకెట్లు, బియ్యం బజారులో కొంటే ఎన్ని కిలోలు, పాలు, ఉల్లిపాయలు, సబ్బులు, గ్యాసు బండలో నెల వంతు, ఫోను రీఛార్జి, బస్సు చార్జీ. అన్నీ కూడితే నెల ఖర్చు వస్తుంది. ఏడాది తర్వాత అదే నెలలో, అదే దుకాణంలో, అంతే పరిమాణానికి మళ్ళీ ధరలు రాయాలి. నెల మారకూడదు. ఏప్రిల్ ఉల్లిపాయను అక్టోబరు ఉల్లిపాయతో పోల్చకూడదు. ధర పెరిగిందని నూనె తగ్గించి వాడుతుంటే ఆ తగ్గించిన లెక్క రాయకూడదు, మొదటి లెక్కే ఉంచాలి. కడుపు మాడ్చుకుని మిగిల్చింది వడ్డీ కాదు. నిరుడు 5,000 అయిన సరుకు ఈ ఏడు 5,300 అయితే నూటికి ఆరు రూపాయలు పెరిగినట్టు. పాసుబుక్కులో వడ్డీ నూటికి ఆరుకన్నా తక్కువగా ఉంటే సొమ్ము అరుగుతున్నట్టే.

కొడుకు ఆటోలోంచి పెన్ను తెచ్చాడు. పాసుబుక్కు చివరి పేజీ ఖాళీగా ఉంది. ఆమె చెబుతుంటే వాడు రాశాడు. కందిపప్పు దగ్గర కాసేపు ఆగింది. “రెండు కిలోలు రాయమంటావా, కిలోన్నరే తెస్తున్నాం గదా ఇప్పుడు” అన్నాడు కొడుకు.

“రెండు రాయి” అంది ఆమె.